ల్యాప్‌టాప్ మరమ్మతు, 4వ పాఠం: టీ ఒలికింది, ఆరబెట్టాం, అయినా ఆన్ కావట్లేదు

ల్యాప్‌టాప్ మీద ఏదైనా ఒలికితే ముందుగా చేయాల్సినవి పోయిన పాఠంలో చెప్పాను. ప్లగ్ దగ్గర తడి ఉంటే ముందు స్విచ్ ఆపి, ఆ తర్వాత ఛార్జర్ పీకేయాలి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయాలి. కీబోర్డు కిందికి ఉండేలా బోర్లించాలి. ఇవన్నీ అందరూ చేశారు. చివరిది, అంటే అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం మాత్రం చాలామంది వదిలేశారు. రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టి ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. అందుకే కీబోర్డు మార్చే పాఠాన్ని వచ్చేసారికి జరిపాను.

ఆపేసిన ల్యాప్‌టాప్‌లోనూ బ్యాటరీ బోర్డుకు తగిలే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన సంగతి తెలుసుకోవాలంటే బోర్డులో కొంత భాగం ఎప్పుడూ మేలుకునే ఉండాలి. ఆ భాగంలో కరెంటు పారే గీతల మీదకు తడి చేరితే కరెంటు దాని గుండా పారుతూ, పిన్నుల లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించి పక్కన పేరుస్తుంది. చిప్ కాళ్ల చుట్టూ తెల్లగానో ఆకుపచ్చగానో కనిపించే పొక్కు అదే. మీరు ఆరబెట్టామనుకున్న రెండు రోజులూ లోపల జరిగింది ఇదే. బ్యాటరీ తీసి ఉంటే ఈ నష్టం చాలావరకు ఆగేది.

ఇంకో అలవాటు నాకు అస్సలు నచ్చదు: "ఒక్కసారి నొక్కి చూద్దాం" అనడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ అంతవరకూ నిద్రలో ఉన్న గీతలన్నిటికీ కరెంటు వెళ్తుంది. చిప్ కింద ఒక్క చుక్క మిగిలినా అక్కడ షార్ట్ అయ్యి, కడిగితే పోయేది కాస్తా కాలిపోతుంది. నొక్కకుండా ఛార్జర్ పెట్టి లైటు వెలుగుతుందా అని చూడటమూ అంతే. లైటు వెలిగినా మీకు తెలిసేది ఛార్జింగ్ భాగానికి ప్రాణం ఉందనే, బోర్డు బాగుందని కాదు. హెయిర్ డ్రయ్యర్ గాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది. బియ్యం డబ్బా గురించి చెప్పడానికేమీ లేదు, వదిలేయండి.

ఒక కేసు చూద్దాం. పాలూ చక్కెరా ఉన్న టీ అర కప్పు కీబోర్డు కుడివైపు పడింది. మూడో రోజు బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. ఎక్కడో షార్ట్ ఉందని బోర్డే తనను తాను ఆపుకుంటోందన్నమాట. మూత విప్పి ముందు బ్యాటరీ చూడండి. ఉబ్బినా, వేడిగా ఉన్నా చేయి పెట్టొద్దు, మెకానిక్‌కు అప్పగించండి. బాగుంటే కనెక్టర్ తీయండి. తీగలు పట్టి లాగొద్దు. కొన్ని కనెక్టర్లు పైకి లేస్తాయి, కొన్ని బోర్డు వెంట పక్కకి జారతాయి. తెలియకుండా పైకి పెకలిస్తే సాకెట్టే ఊడొస్తుంది. ప్లాస్టిక్ పుల్ల వాడండి, ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు.

ఇప్పుడు టార్చి వేసి టీ పడ్డ వైపు వెతకండి. కీబోర్డు రిబ్బన్ కేబుల్ సాకెట్‌లో గోధుమరంగు జిగురు, పక్క చిప్ అంచున తెల్లటి పొక్కు కనిపిస్తాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ ముంచి రుద్దండి, జిగురు పోయేదాకా. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాక, ఒక రోజు ఆగితే నాకు తృప్తి, కనెక్టర్ పెట్టి ఒక్కసారి ఆన్ చేయండి.

ఆన్ అయ్యి, ఏదో ఒక అక్షరం దానంతటదే పడుతూ ఉంటే కీబోర్డు పోయింది, బోర్డు బతికింది. వేరే కీబోర్డు తగిలించి ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. పొక్కు ఇంకా పాకొచ్చు, మళ్లీ ఆగిపోవచ్చు. ఇంకా క్షణంలోనే ఆగిపోతుంటే మళ్లీ నొక్కకండి, అది మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్ల పని. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ ఊడొచ్చే రకమైతే దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌లో చదవొచ్చు. బోర్డుకే అతికించి ఉంటే ఆ దారి లేదు.

అభ్యాసం: బాగున్న ల్యాప్‌టాప్ మీదే చేయండి. ఆపి, మూత విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకుని, బ్యాటరీ కనెక్టర్ తీసి మళ్లీ పెట్టండి. కాగితం చూడకుండా ఐదు నిమిషాల్లో చేయగలిగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్లు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
manage-bde -protectors -get C:
```

అందులో వచ్చే 48 అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి. అవి లేకపోతే ఎస్‌ఎస్‌డీ ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకోదు.