శాసనం చదవడం నేర్చుకుందాం - 4: దానం ఎవరిది, ఎవరి చేతికి అందింది?

పోయిన పాఠంలో రాజు పేరు, పాలన సంవత్సరం పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి నాగార్జునకొండ శాసనం ఒకటి తీసుకుని, బౌద్ధం ఊరు దాటి, సముద్రం దాటి ఎలా వెళ్లిందో, వర్తకం, రాజాదరణ జాడలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుదాం. ఇది క్రీ.శ. 3వ శతాబ్దానిది. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలన సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక, అంటే బౌద్ధ గృహస్థ భక్తురాలు, అక్కడి చుళధమ్మగిరి అనే కొండ మీద ఒక చైత్యగృహం, అంటే బౌద్ధుల పూజామందిరం కట్టించింది. నేలకు రాతి పలకలు పరిపించి, లోపల చైత్యం, అంటే స్తూపం పెట్టించింది.

కొత్తగా చదివేవాళ్లు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. రాజు పేరు కనిపించగానే ఇది రాజు దానమే అనుకుంటారు. కానీ ఆ పేరు ఇక్కడ కేవలం తేదీ చెప్పడానికి. ఇచ్చింది ఎవరో తెలియాలంటే కట్టించిన మనిషి పేరు చూడాలి. బోధిసిరి రాణి కాదు, గోవగామ అనే ఊరి గృహస్థుల ఇంటి ఆడపడుచు.

తర్వాత 'సుపరిగహే' అనే మాట వెతకండి. 'వీళ్ల స్వాధీనంలో' అని దాని భావం. దాని ముందున్న పేరే దానం అందుకున్నవాళ్లది. ఇక్కడ వాళ్లు తంబపణ్ణి, అంటే సింహళానికి చెందిన థేరవాద ఆచార్యులు. కృష్ణ ఒడ్డున కట్టిన గుడి సింహళ శాఖ భిక్షువుల చేతికి వెళ్లిందన్నమాట! నాకు ఈ శాసనంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఆ ఆచార్యులు కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ దేశాల వాళ్లకు ధర్మంపై ప్రసన్నత కలిగించారని కూడా రాశారు. దీన్ని ప్రయాణాల చిట్టాగా తీసుకోకండి. అశోకుడి కాలంలో ధర్మదూతలు వెళ్లారని సింహళ గ్రంథాలు చెప్పే కశ్మీర-గాంధారం, అపరాంతం, వనవాసి, యవన దేశం ఇందులోనూ ఉన్నాయి. అంటే శాఖ తన గురించి తరతరాలుగా చెప్పుకున్న ఘనత కూడా ఇందులో కలిసింది.

మరి వర్తకం ఎక్కడ? 'వర్తకుడు' అనే మాట కోసమే చూస్తే జాడ తప్పిపోతుంది. ఊళ్ల పేర్లు చూడండి. బోధిసిరి ఇతర దానాల్లో కంటకసెల మహాచైత్యం దగ్గర కట్టించిన రాతి మండపం ఉంది. కంటకసెల అంటే నేటి కృష్ణా జిల్లా ఘంటసాల. గ్రీకు భూగోళవేత్త టాలమీ దాన్ని వర్తక రేవుగా పేర్కొన్నాడు. ఓడలు వచ్చే చోట, సింహళ భిక్షువులు ఉండే కొండ మీద, రెండు చోట్లా ఒకే ఉపాసిక దానం చేసింది. ఆమె కుటుంబం వ్యాపారం చేసిందని మాత్రం దీన్నిబట్టి తేల్చలేం.

రాజాదరణ కోసం నాగార్జునకొండ లోయలోనే ఉన్న మహాచైత్యం అనే పెద్ద స్తూపం దగ్గరికి వెళ్లాలి. వీరపురుషదత్తుడి 6వ సంవత్సరపు శాసనాల్లో దాత చాంతిసిరి. ఆమె రాజుకు మేనత్త, అత్తగారు కూడా. ఆమె సోదరుడు చాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఒకే ఇంట్లో సోదరుడు యజ్ఞం చేస్తే సోదరి స్తూపానికి స్తంభాలు ఇచ్చింది.

అభ్యాసం: చాంతిసిరి దానం అపరమహావినసేలియ అనే బౌద్ధ శాఖకు అందింది. బోధిసిరి దానం పక్కన దీన్ని పెట్టి, ఇచ్చినవాళ్లు, అందుకున్నవాళ్లు, ఊళ్ల పేర్లు మూడు వరుసల్లో రాయండి. ఏ వరుసలో తేడా ఎక్కువగా ఉందో గుర్తు పెట్టుకోండి, పాఠం 5 అక్కడి నుంచే మొదలవుతుంది.