ఉత్తరాలు రాద్దాం – 7వ పాఠం: ఒక్క సీటుకు రెండుసార్లు డబ్బు కట్ అయితే

పోయిన పాఠంలో ఫిర్యాదు మెయిల్‌కు సబ్జెక్ట్ లైను ఎలా పెట్టాలో చూశాం. ఈసారి ఒకే సందర్భం తీసుకుని ఉత్తరం మొత్తం రాద్దాం. సందర్భమూ అందులోని నంబర్లూ పాఠం కోసం కల్పించినవి.

విజయవాడలో అకౌంటెంటుగా పనిచేసే ఒకావిడ హైదరాబాద్‌లో జరగబోయే ఒకరోజు జీఎస్టీ సెమినార్‌కు ఆన్‌లైన్‌లో సీటు తీసుకున్నారు. టికెట్ 1,500 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 270, మొత్తం 1,770. యూపీఐ పిన్ కొట్టాక పేజీ అలా తిరుగుతూనే ఉండి, చివరికి చెల్లింపు జరగలేదని చూపించింది. ఏడు నిమిషాలు ఆగి మళ్లీ కట్టారు. ఈసారి వెంటనే టికెట్ మెయిల్‌కు వచ్చింది. సాయంత్రం బ్యాంకు మెసేజీలు చూసుకుంటే 1,770 రెండుసార్లు కట్ అయి ఉంది.

ఉత్తరం మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మొదటిసారి పోయిన డబ్బు ఇప్పుడు ఎక్కడుంది? దాన్నిబట్టి ఎవరికి రాయాలో, అసలు ఇప్పుడే రాయాలో వద్దో తెలుస్తుంది. యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ మొదటి చెల్లింపు స్థితి చూడండి. మీ ఖాతాలో కట్ అయి, అవతలివాళ్లకు ఖరారు అందకపోతే ఆ డబ్బు తనంతట తానే వెనక్కి రావాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, వ్యాపారికి కట్టే యూపీఐ చెల్లింపుల్లో దీనికి గడువు లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా రావాలి. ఇలాంటప్పుడు మొదట నిర్వాహకులకు రాసి లాభం లేదు. వాళ్ల లెక్కలో ఆ డబ్బు కనబడదు కాబట్టి “మాకు ఒక్కటే అందింది” అని జవాబిస్తారు, అది నిజమే. గడువు దాటాక యాప్‌లోనో బ్యాంకులోనో ఫిర్యాదు పెట్టాలి.

మన అకౌంటెంటుగారి సంగతి వేరు. యాప్‌లో రెండు చెల్లింపులూ విజయవంతం అనే చూపిస్తున్నాయి. పైగా రాత్రికి రెండో టికెట్ కూడా మెయిల్‌కు వచ్చింది. అంటే మొదటి చెల్లింపు ఖరారు ఆలస్యంగా చేరిందన్నమాట. డబ్బు నిర్వాహకుల దగ్గరే ఉంది, వాళ్ల లెక్కలో ఆవిడ రెండు సీట్లు కొన్నారు. ఇక ఐదు రోజులు ఆగినా ఏదీ వెనక్కి రాదు. వెంటనే రాయాలి.

ఇక్కడే చాలామంది రాసే వాక్యం ఒకటి పని చెడగొడుతుంది. “దయచేసి ఒక టికెట్ క్యాన్సిల్ చేసి డబ్బు పంపండి.” టికెట్ పేజీలో కింద “క్యాన్సిల్ చేసుకుంటే డబ్బు వాపసు ఇవ్వబడదు” అని రాసి ఉంటుంది. క్యాన్సిల్ అనే మాట పడగానే మెయిల్ చూసేవాళ్లు ఆ నియమం చూపించి ముగించేస్తారు. మనకు జరిగింది క్యాన్సిల్ కాదు. ఒక్క సీటే కావాలనుకున్నాం, ఆ సీటుకు వస్తున్నాం, డబ్బు మాత్రం రెండుసార్లు పడింది. ఉత్తరంలో మొదటి వాక్యమే ఈ సంగతి చెప్పాలి.

ఇప్పుడు ఉత్తరం చూడండి.

విషయం: జూన్ 28 జీఎస్టీ సెమినార్ – ఒక్క సీటుకు రెండుసార్లు చెల్లింపు – రూ. 1,770 వాపసు కోసం

నిర్వాహకులకు నమస్కారం.

జూన్ 28న హైదరాబాద్‌లో జరిగే మీ జీఎస్టీ సెమినార్‌కు నేను ఒక్క సీటు తీసుకున్నాను. సెమినార్‌కు వస్తున్నాను. అయితే ఆ ఒక్క సీటుకు నా ఖాతా నుంచి రూ. 1,770 రెండుసార్లు మీకు చేరింది.

మొదటి చెల్లింపు: జూన్ 12, ఉదయం 10.42. యూటీఆర్ 516300418827. టికెట్ నంబరు 0311, ఇన్‌వాయిస్ 208.
రెండో చెల్లింపు: జూన్ 12, ఉదయం 10.49. యూటీఆర్ 516300425163. టికెట్ నంబరు 0309, ఇన్‌వాయిస్ 206.

మొదటిసారి మీ పేజీలో చెల్లింపు జరగలేదని చూపించడంతో మళ్లీ కట్టాను. మొదటి దానికి టికెట్ ఆ రాత్రి వచ్చింది. 0309 టికెట్‌ను ఉంచండి. 0311 కింద అదనంగా పడిన రూ. 1,770 మొత్తాన్ని, జీఎస్టీతో సహా, నేను కట్టిన ఖాతాకే వాపసు పంపగలరు. ఇన్‌వాయిస్ 208కి క్రెడిట్ నోట్ కూడా ఇవ్వగలరు. 0311 సీటును వేరొకరికి కేటాయించుకోవచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రెండు వరుసలు, రెండు టికెట్లు జతచేశాను. వాపసు పంపాక దాని రిఫరెన్స్ నంబరు జూన్ 20లోగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
(పేరు, టికెట్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు, మెయిల్)

ఇందులో కొన్ని చోట్ల ఆగుదాం. యూటీఆర్ అంటే ప్రతి యూపీఐ లావాదేవీకీ ఉండే 12 అంకెల నంబరు. యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే కనబడుతుంది. నిర్వాహకుల దగ్గర ఒకే రోజు 1,770 చొప్పున వందమంది కట్టి ఉండవచ్చు, పేరుతో వెతికితే దొరకదు. ఈ నంబరు ఇస్తే అకౌంట్స్ వాళ్లకు మీ చెల్లింపు ఇట్టే దొరుకుతుంది. స్క్రీన్‌షాట్ పెట్టినా సరే, నంబరును టైపు చేసే ఇవ్వండి. బొమ్మలోంచి నంబరు కాపీ చేసుకోవడం వాళ్లకు ఇబ్బంది.

టికెట్ ధర 1,500 కదా అని అంతే అడిగేవాళ్లున్నారు. ఖాతాలోంచి ఎంత పోయిందో అంతా అడగాలి. బుకింగ్ రుసుము విడిగా పడి ఉంటే అదీ కలపండి. రెండు ఇన్‌వాయిస్‌లు వచ్చాయి కాబట్టి, డబ్బు వాపసు ఇచ్చేటప్పుడు నిర్వాహకులు అదనంగా వచ్చిన 208ని తమ లెక్కలోంచి తగ్గించుకోవాలి. అందుకు వాడేది క్రెడిట్ నోట్. ఈ మాట మీరే రాస్తే అకౌంట్స్ వాళ్లు మళ్లీ మిమ్మల్ని అడగనక్కర్లేదు. మీ సంస్థ పేరు మీద జీఎస్టీ నంబరు ఇచ్చి కొన్నట్టయితే ఇది మరీ ముఖ్యం.

ఏ టికెట్ ఉంచాలో తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే రెండూ రద్దయి, సెమినార్ రోజున తలుపు దగ్గర స్కాన్ చేసినప్పుడు మీ టికెట్ చెల్లదని రావచ్చు.

ఉత్తరంలో బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వలేదు, గమనించారా? వాపసు మామూలుగా డబ్బు వచ్చిన దారినే వెళ్తుంది, ఖాతా వివరాలు అక్కర్లేదు. స్టేట్‌మెంట్ కూడా ఆ రెండు వరుసలు తప్ప మిగతావి కప్పేసి పంపండి. ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరు అడిగినా ఇవ్వొద్దు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. రాయాల్సిన అడ్రసు టికెట్ మెయిల్‌లోనే ఉంటుంది, సెర్చ్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి.

అభ్యాసం: కింది ఉత్తరాన్ని తిరగరాయండి. “సార్, నాకు రెండుసార్లు డబ్బులు కట్ అయ్యాయి. చాలా ఇబ్బందిగా ఉంది. ఒక టికెట్ క్యాన్సిల్ చేసి 1,500 వెంటనే వేయండి, లేకపోతే కేసు వేస్తాను.” కావలసిన వివరాలు మీరే ఊహించుకోండి, ఎనిమిది వాక్యాలు దాటకూడదు.

వచ్చే పాఠంలో, జూన్ 20 దాటినా జవాబు రాకపోతే రాయాల్సిన రెండో ఉత్తరం, దాని తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇవ్వాల్సిన ఫిర్యాదు చూద్దాం. ఈ ఉత్తరం కాపీ దగ్గర ఉంచుకోండి, రెండింటికీ దీన్నే జతచేస్తాం.