గుంత ఒకచోట, పిన్ను ఇంకోచోట: మూడో పాఠం

రోడ్డు గుంతల మీద మున్సిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టడం గురించి పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం చాలామందిని ఇబ్బంది పెట్టింది. "ఫోటో తీసుకోండి, ఇంటికెళ్లాక తీరిగ్గా ఫిర్యాదు పెట్టండి" అన్నాను. మీరు అలాగే చేశారు. గుంతేమో బస్టాపు దగ్గర, మ్యాపులో చోటు చూపించే పిన్నేమో మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడింది. వచ్చినవాళ్లు మీ గేటు ముందు నున్నటి రోడ్డు చూసి, సమస్య లేదని ఫిర్యాదు మూసేశారు. తప్పు నాదే. నేను ఇంటికొచ్చాక పిన్నుని చేత్తో జరుపుతాను, అందరూ అలాగే చేస్తారులే అనుకుని ఆ ముక్క రాయలేదు.

యాప్ తెరవడం, లాగిన్, విభాగం ఎంచుకోవడం మళ్లీ చెప్పను. పిన్ను సంగతే చూద్దాం.

ఇలాంటి యాప్‌లలో చాలావరకు, ఫిర్యాదు తెరిచినప్పుడు మీ ఫోన్ ఎక్కడుందో అక్కడే పిన్ను పెడతాయి. ఫోటో ఎక్కడ తీశారో పట్టించుకోవు. ఫోటో ఫైల్లో లొకేషన్ ఉంటుంది కదా అంటారు, కెమెరా సెట్టింగుల్లో అది ఆన్ చేసి ఉంటేనే ఉంటుంది, పైగా అదే ఫోటోని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా ఎవరికైనా పంపితే ఆ లొకేషన్ ఊడిపోతుంది. "మా తమ్ముడు తీసి పంపాడు, నేను పెట్టాను" అంటే పిన్ను మీ ఇంటి దగ్గర పడక ఇంకెక్కడ పడుతుంది?

కాబట్టి గుంత దగ్గర ఉండగానే పెట్టండి. అలాగని రోడ్డు మధ్యలో నిలబడొద్దు, ఫుట్‌పాత్ మీద నిలబడి పిన్నుని రోడ్డు మీదికి జరపండి.

నన్ను బాగా విసిగించేది ఈ జరపడమే. కొన్ని యాప్‌లలో పిన్ను కదలదు, తెర మధ్యలోనే ఉంటుంది, దాని కింద మ్యాపు జరుగుతుంది. పిన్నుని లాగుతున్నామనుకుని మ్యాపుని లాగితే మొత్తం ఎదురు దిక్కుకి పోతుంది. ఇంకోటి, పిన్ను అంటే పైన గుండ్రంగా ఉండే బుడగ కాదు, కింద మొన. ఆ మొన గుంత మీద ఉండాలి. జూమ్ తక్కువగా ఉంటే వేలి వెడల్పులో రెండు వీధులు పట్టేస్తాయి, అందుకే ఇళ్లు విడివిడిగా కనిపించేదాకా జూమ్ చేయండి. శాటిలైట్ వ్యూ ఉంటే నేను అదే వాడతాను, చెట్టూ డివైడరూ కనిపిస్తే తేల్చుకోవడం తేలిక.

మ్యాపులో మీ నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది. మీరు ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని ఫోన్ చెబుతోందన్నమాట. అది వీధంత వెడల్పుంటే ఆగండి, ఆకాశం కనిపించే చోట అర నిమిషం నిలబడితే కుంచించుకుంటుంది. ఎంతసేపున్నా వీధులు దాటి పెద్దగానే ఉంటే, ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ లొకేషన్ అనుమతిలో Use precise location ఆఫ్‌లో ఉందేమో చూడండి.

ఒక కేసు చూద్దాం. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద, అత్తాపూర్‌లో గుంత ఉందనుకోండి. నెత్తి మీద ఫ్లైఓవర్, చుట్టూ కాంక్రీటు, ఉపగ్రహ సిగ్నల్ సూటిగా రాక గోడలకి తగిలి వస్తుంది, అందుకే చుక్క ఒక్కోసారి అవతలి రోడ్డు మీదికి దూకుతుంది. పిన్ను అక్కడే వదిలేస్తే వాళ్లు అవతలివైపు వెతికి వెళ్లిపోతారు. పక్కకి నాలుగడుగులు వేసి, వలయం చిన్నదయ్యాక, పిన్నుని సరైన వైపు లేనులోకి జరపండి. వివరాల్లో ఇలా రాయండి: "పిల్లర్ 143 ఎదురుగా, ఆరాంఘర్ వైపు వెళ్లే రోడ్డు, ఎడమ లేను." అక్కడ అడ్రసంటే పిల్లర్ నంబరే. యాప్ తనంతట తాను నింపే చిరునామాలో పక్క కాలనీ పేరు వస్తే దిద్దండి.

ఫోటోలు రెండు: ఒకటి గుంతది, పక్కన చెప్పు పెడితే సైజు తెలుస్తుంది, రెండోది పది అడుగులు వెనక్కొచ్చి పిల్లరో దుకాణం బోర్డో కనిపించేలా. ఒక్కటే పడుతుందంటే రెండోదే పెట్టండి.

వీధి లైటుకైతే స్తంభం మొదట్లో నిలబడి పిన్ను పెట్టండి, స్తంభం మీద నంబరుంటే పగలు ఫోటో తీసి పెట్టుకోండి, రాత్రి ఫోటోలో అది చదవడం కష్టం. వరసగా నాలుగైదు వెలగకపోతే అన్ని బల్బులూ ఒకేసారి పోవు, లైనో స్విచ్ బాక్సో పోయి ఉంటుంది. విడివిడిగా పెట్టకుండా, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చీకటో ఒక్క ఫిర్యాదులో రాయండి.

అభ్యాసం: ఫిర్యాదు పంపకుండా, ఫ్లైఓవర్ కింద, ఇరుకు సందులో, ఖాళీ స్థలంలో నిలబడి మూడు చోట్లా పిన్ను పెట్టండి. వలయం చిన్నదవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, పిన్ను ఎన్ని అడుగులు తప్పిందో కాగితం మీద రాయండి. మూడోది తేలికే. మొదటిది రెండు రోజులు, వేర్వేరు వేళల్లో చేయండి.