రెండో రౌటర్ వెనక నుంచి ప్రింటర్ కనిపించకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: మెయిన్ రౌటర్ వైఫైలో ఉన్నంతసేపు ప్రింట్ చక్కగా వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌ని రెండో రౌటర్ వైఫైకి మార్చగానే ప్రింటర్ లిస్టులోంచి మాయమవుతుంది. డ్రైవర్ తీసి మళ్లీ వేసినా లాభం ఉండదు. తేడా అక్కడ లేదు.

కారణం: రెండో రౌటర్ తన కింద వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. ప్రింటర్ అడ్రస్ 192.168.1.50, రెండో రౌటర్‌కి మెయిన్ రౌటర్ ఇచ్చిన అడ్రస్ 192.168.1.7, దాని వెనక ల్యాప్‌టాప్‌ది 192.168.0.101 అనుకుందాం. ల్యాప్‌టాప్ ఏది పంపినా రెండో రౌటర్ పంపినవాళ్ల అడ్రస్ చెరిపి 192.168.1.7 అని రాస్తుంది. ఇంటర్నెట్‌కి వెళ్లేదైతే మెయిన్ రౌటర్ దాన్ని మళ్లీ మారుస్తుంది. డబుల్ నాట్ అంటే ఈ రెండుసార్ల మార్పిడే.

ప్రింటర్ దాకా వెళ్లడానికి మాత్రం మార్పిడి ఒక్కసారే, దానివల్ల ప్రింట్ ఆగదు. ప్రింటర్ జవాబు 192.168.1.7కి వస్తుంది, రెండో రౌటర్ దాన్ని ల్యాప్‌టాప్‌కి అందిస్తుంది. చాలామంది తప్పంతా డబుల్ నాట్ మీదకు తోసేది ఇక్కడే. అసలు ఆగిపోయేది వెతుకులాట. "ఇక్కడ ప్రింటర్ ఉందా?" అని ల్యాప్‌టాప్ 224.0.0.251కి వేసే కేక సొంత నెట్‌వర్క్ దాటదు, రౌటర్ దాన్ని అవతలికి పంపదు.

తేల్చుకోవడం: రెండో రౌటర్ వైఫైలో ఉండి ల్యాప్‌టాప్ కమాండ్ విండోలో ఇది కొట్టండి:

```
ping 192.168.1.50
```

జవాబు వస్తే దారి ఉన్నట్టే. ప్రింటర్‌ని వెతకనివ్వకుండా ఐపీ అడ్రస్‌తో యాడ్ చేయండి. ఆ అడ్రస్ మారిపోకుండా మెయిన్ రౌటర్‌లో రిజర్వ్ చేయండి, లేకపోతే కొన్నాళ్లకు మళ్లీ ఇదే టెన్షన్.

జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ అడ్రస్ చూడండి. అదీ 192.168.1 తోనే మొదలైతే రెండు రౌటర్లూ ఒకే వరస అడ్రసులు పంచుతున్నాయి. ప్రింటర్ తన పక్కనే ఉందనుకుని ల్యాప్‌టాప్ అక్కడే వెతుకుతుంది, రౌటర్‌ని అడగనే అడగదు. రెండో రౌటర్ తన కింది నెట్‌వర్క్‌లో వాడుకునే లాన్ అడ్రస్‌ని 192.168.2.1 చేస్తే ఈ చిక్కు పోతుంది.

శాశ్వత పరిష్కారం: ఫోన్లనుంచి కూడా ప్రింట్ తీయాలన్నా, ప్రింటర్ మీద బటన్ నొక్కి స్కాన్‌ని ల్యాప్‌టాప్‌కి పంపాలన్నా ఐపీ అడ్రస్ చిట్కా సరిపోదు. స్కాన్ ప్రింటర్ వైపు నుంచి మొదలవుతుంది, 192.168.1.7 వెనక ఎవరున్నారో దానికి తెలియదు. అప్పుడు రెండో రౌటర్‌ని, వేరే నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే ముందు దాని లాన్ అడ్రస్‌ని 192.168.1.2 లాగా, మెయిన్ రౌటర్ పంచే అడ్రసుల్లో లేనిదానికి మార్చండి. తర్వాత అందులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపి, మెయిన్ రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్ట్‌లోంచి తీసి లాన్ పోర్ట్‌లో పెట్టండి. ఇకమీదట దాని సెట్టింగ్స్ పేజీ తెరుచుకునేది కొత్త అడ్రస్‌లోనే, రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌ని వైఫై నుంచి తెంపి మళ్లీ కలిపితే దానికీ 192.168.1 అడ్రస్ వస్తుంది, ప్రింటర్ దానంతటదే లిస్టులోకి వచ్చేస్తుంది.