దుభాషి బిల్లు గంటల్లో తేడా వస్తుంటే: ఎక్కడ వస్తోంది, ఎలా సరిచేయాలి

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కొనడానికి చైనా నుంచి కొనుగోలుదారులు వచ్చినప్పుడు ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో దుభాషిని పిలుస్తారు. రొయ్యల ఎగుమతి వాళ్లు కూడా పిలుస్తారు. దుభాషి గంటల లెక్కన డబ్బు తీసుకుంటాడు. కనీసం ఇన్ని గంటలు అని ఒక మాట ఉంటుంది. అది దాటితే ప్రతి అరగంటకు ఇంత, అరగంటలో కొంతే అయినా పూర్తి అరగంటకు పైకి సవరిస్తారు. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ నెలాఖరుకు బిల్లు దగ్గర గొడవలు వస్తాయి. నేను చూసినంతలో ఆ గొడవల్లో ఎక్కువ భాగం రేటు గురించి కావు. పైకి సవరించడం ఎక్కడ, ఎన్నిసార్లు జరిగిందన్న దాని గురించే.

లెక్కల కోసం ఒక రేటు అనుకుందాం. గంటకు ₹1,500, కనీసం 2 గంటలు, ఆ తర్వాత ప్రతి అరగంటకు ₹750.

సమస్య: ఒకే రోజు పనికి ముగ్గురు మూడు మొత్తాలు చెబుతున్నారు

దుభాషి ఉదయం 10:00కి క్వారీలో పని మొదలుపెట్టాడు. బ్లాకులు చూసి మార్కింగ్ చేయడం 11:10కి అయిపోయింది. అక్కడి నుంచి అందరూ కారులో ఒంగోలు ఆఫీసుకు వచ్చారు. 11:40కి ధర మాటలు మొదలై 12:20కి ముగిశాయి.

దుభాషి దీన్ని రెండు పనులుగా రాశాడు. ఒక్కోదానికి కనీసం 2 గంటలు కాబట్టి మొత్తం 4 గంటలు, ₹6,000. క్వారీ యజమాని ఫోన్ చేశాడు: "అన్నా, మాట్లాడింది గంటా యాభై నిమిషాలే కదా, ఆరు వేలు ఎట్లా అవుతుంది?" ఆయన 70 నిమిషాలు, 40 నిమిషాలు కూడి 110 అన్నాడు. ఆ లెక్కన కనీస సమయమే, ₹3,000. ఆఫీసులో గుమాస్తా 10:00 నుంచి 12:20 వరకు అంతా ఒకే హాజరుగా తీసుకున్నాడు. 2 గంటల 20 నిమిషాలు, పైకి సవరిస్తే రెండున్నర గంటలు, ₹3,750.

ఇందులో ఎవరూ కూడిక తప్పలేదు. 'ఒక పని' అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే అనుకోకపోవడం వల్లే మూడు లెక్కలు వచ్చాయి. కనీస సమయమూ, అరగంట సవరింపూ పనికి ఒకసారి పడతాయి. పనిని రెండు ముక్కలు చేస్తే రెండూ రెండేసిసార్లు పడతాయి.

నా లెక్కలో ఇక్కడ ₹3,750 న్యాయం. మధ్యలో ఆ అరగంట దుభాషి వాళ్ల కారులోనే ఉన్నాడు, ఇంకో చోటికి వెళ్లే వీలు లేదు. కాబట్టి ఆ సమయం పిలిచినవాళ్లదే, దాన్ని తీసేసి 110 అనడం కుదరదు. అలాగే మధ్యలో అతను ఇంకో పని ఒప్పుకోలేదు కాబట్టి రెండో కనీస సమయం అడగడం కూడా కుదరదు.

దీనికి పరిష్కారం బిల్లు రోజున దొరకదు, పని ఒప్పుకున్న రోజునే ఉంది. వాట్సాప్‌లో ఖరారు చేసేటప్పుడు ఈ నాలుగు మాటలు పంపితే చాలు: "మంగళవారం ఉదయం 10 నుంచి. కనీసం 2 గంటలు, తర్వాత ప్రతి అరగంటకు 750. మధ్యలో గంటలోపు విరామం వస్తే అది కూడా సమయంలోకే వస్తుంది. గంట దాటితే రెండోది వేరే పని." గంట అనేది మీ ఇష్టం, ఒంగోలు లోపలి పనులకు అరగంట పెట్టుకున్నా సరిపోతుంది. ఏదో ఒక అంకె మాత్రం రాసి ఉండాలి.

పని ఎప్పుడు మొదలైనట్టు అన్నది కూడా అదే మెసేజ్‌లో ఉండాలి. 10కి రమ్మని కొనుగోలుదారు 10:40కి వస్తే గడియారం 10 నుంచే నడుస్తుంది. దుభాషి ఆలస్యమైతే అతను వచ్చిన దగ్గర నుంచి.

సమస్య: సరిగ్గా రెండున్నర గంటల పనికి షీటు 3 చూపిస్తోంది

ఇది అన్నిసార్లూ జరగదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఎక్సెల్ లాంటి షీటులో చాలామంది ముగింపు సమయం నుంచి ఆరంభం తీసేసి 24తో గుణించి, దాన్ని 0.5కి పైకి సవరిస్తారు. షీటు సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. మధ్యాహ్నం 12 అంటే 0.5. చాలా సమయాలు ఆ రూపంలో కచ్చితంగా ఇమడవు, చివర ఎక్కడో పిసరంత తేడా మిగులుతుంది. తీసివేత తర్వాత 2.5 కన్నా వెంట్రుకవాసి ఎక్కువ వస్తే, పైకి సవరించే సూత్రం దాన్ని 3కి తోసేయవచ్చు. తెరమీద మాత్రం 2.5 అనే కనిపిస్తుంది.

గుర్తుపట్టడం ఇలా: గడియారం ప్రకారం సమయం సరిగ్గా అరగంటల్లో ముగిసిన వరుసలనే చూడండి. తప్పు ఉంటే అక్కడే ఉంటుంది. సరిచేయాలంటే ముందు నిమిషాలుగా మార్చి పూర్ణసంఖ్య చేయాలి, ఆ తర్వాతే అరగంటకు సవరించాలి. ఆరంభం B, ముగింపు C గడిలో ఉంటే:

```
=MAX(120, CEILING(ROUND(MOD(C2-B2,1)*1440,0),30))/60
```

1440 అంటే రోజులో నిమిషాలు, 120 కనీస సమయం, 30 అరగంట. 10:00, 12:20 ఇచ్చి చూడండి. 140 నిమిషాలు 150 అవుతాయి, జవాబు 2.5. గడి మామూలు అంకెల రూపంలో ఉండాలి. సమయం రూపంలో ఉంటే అదే 2.5 మీకు 12:00 అని కనిపిస్తుంది. షీటు దాన్ని రెండున్నర రోజులు అనుకుంటుంది మరి.

బిల్లు తక్కువ వస్తుంటే `MROUND` వాడారేమో చూడండి. అది దగ్గరలోని అరగంటకు సవరిస్తుంది, పైకి కాదు. 2 గంటల 10 నిమిషాలు దానికి 2 గంటలే. ఎక్కువ వస్తుంటే రెండో అనుమానం: ఆరంభాన్ని వెనక్కి, ముగింపును ముందుకు, విడివిడిగా సవరించి ఉండవచ్చు. 10:20 నుంచి 12:40 అంటే 2 గంటల 20 నిమిషాలు, రెండున్నర పడాలి. రెండు కొసలూ సవరిస్తే 10:00 నుంచి 1:00 అయి 3 గంటలు పడుతుంది. సవరించాల్సింది మొత్తం వ్యవధిని, అదీ ఒక్కసారి.

రెండు మూడు నిమిషాలు దాటినందుకు అరగంట వేయడం పాత కస్టమర్ల దగ్గర ఇబ్బందిగా ఉంటుంది. 5 నిమిషాలు వదిలేద్దాం అనుకుంటే సూత్రంలో `ROUND(...)` తర్వాత `-5` పెట్టండి. 2 గంటల 3 నిమిషాలు అప్పుడు 2 గంటలే, 2 గంటల 6 నిమిషాలు రెండున్నర. ఆ వెసులుబాటు ఉందని ముందే చెప్పాలి. ఒకరికి వదిలి ఇంకొకరికి వేస్తే మాట బయటికి వస్తుంది.

సమస్య: దుభాషి రాసుకున్న గంటలు, గుమాస్తా ఎక్కించిన గంటలు కలవడం లేదు

దుభాషి డైరీ చూడండి. 2 గంటల 50 నిమిషాలను అతను 2.50 అని రాస్తాడు. గుమాస్తా దాన్ని రెండున్నరగా ఎక్కిస్తాడు. రావాల్సింది 3 గంటలు, అక్కడే ₹750 పోయింది. 2.20 లాంటివి పైకి సవరించాక ఎలాగూ రెండున్నరే అవుతాయి కాబట్టి తప్పు నెలలపాటు బయటపడదు. 50, 40 నిమిషాలతో ముగిసే రోజుల్లోనే దెబ్బ తగులుతుంది. వ్యవధి రాయడం మానేయమనండి. పని అయిన వెంటనే వచ్చిన సమయం, వెళ్లిన సమయం మెసేజ్ పెట్టి, అవతలివాళ్ల చేత సరే అనిపించుకోవాలి. వ్యవధి షీటు తేలుస్తుంది.

సమస్య: ఇద్దరు కలిసి ఒక్కరినే పిలుచుకుంటే, పంచాక మొత్తం పెరుగుతోంది

కొనుగోలుదారు మొదట క్వారీ యజమానితో 70 నిమిషాలు, ఆ వెంటనే ఎగుమతి చేసే ఏజెంటుతో 65 నిమిషాలు మాట్లాడాడు. ఖర్చు ఎవరిది వాళ్లు పెట్టుకుంటామన్నారు. విడివిడిగా సవరిస్తే ఒక్కొక్కరికి గంటన్నర, మొత్తం 3 గంటలు. ఇద్దరికీ కనీస సమయం వేస్తే 4 గంటలు. కానీ దుభాషి అక్కడ ఉన్నది 135 నిమిషాలు, పైకి సవరిస్తే రెండున్నర గంటలు.

ముందు మొత్తాన్ని సవరించి ₹3,750 అని తేల్చాలి. ఆ డబ్బును నిమిషాల లెక్కన పంచాలి: 135లో 70 వంతులకు ₹1,944, 65 వంతులకు ₹1,806. ఇద్దరి బిల్లులోనూ మొత్తం సమయం, వాళ్ల వాటా నిమిషాలు రెండూ రాస్తే ఇంకెవరూ ఫోన్ చేయరు. ఒకే సమయానికి ఇద్దరి దగ్గరా పూర్తి కనీస మొత్తం తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు. చీమకుర్తిలో ఆ ఇద్దరూ ఏదో ఒక రోజు టీ దగ్గర కలుస్తారు కూడా.

సమస్య: రెండో పార్టీ ఎప్పుడూ ఎదురుచూస్తోంది

క్వారీ పని 10 నుంచి 12 అని, ఒంగోలులో రెండోది 12:30కి అని రాసుకుంటారు. మొదటిది 12:10 వరకు సాగుతుంది. పార్టీ రెండున్నర గంటల డబ్బు ఇస్తుంది కాబట్టి 12:30 వరకు ఉండమంటుంది, అది వాళ్ల హక్కు కూడా. దుభాషి లేస్తే వీళ్లకు కోపం, లేవకపోతే అవతలివాళ్లకు కోపం.

మాట్లాడుకుంటారనుకున్న సమయాన్ని క్యాలెండర్‌లో పెట్టడం వల్ల ఇది వస్తుంది. పెట్టాల్సింది డబ్బు కట్టే సమయం, దానిపైన ఒక అరగంట, ఆపైన ప్రయాణం. ఇక్కడ 12:00కి అరగంట కలిపితే 12:30, చీమకుర్తి నుంచి రావడానికి ముప్పావు గంట వేస్తే 1:15. కాబట్టి రెండో పని 1:30 కన్నా ముందు ఒప్పుకోకూడదు. పని గంటలోనే ముగిసిపోయినా 12:00 వరకు ఆ సమయం వాళ్లదే. ఆ ఖాళీని ముందుగా ఇంకొకరికి మాట ఇవ్వకూడదు. వాళ్లు పంపించేశాక పని దొరికితే వెళ్లవచ్చు.

సమస్య: రాత్రి ఫోన్ పనుల్లో మైనస్ గంటలు, మార్చిలో తప్పిపోయే మీటింగులు

రాత్రి 11:30కి మొదలై 12:20కి ముగిస్తే, అంటే షీటులో 23:30, 0:20 అయితే, మామూలు తీసివేత మైనస్ ఇస్తుంది. పై సూత్రంలో `MOD` దాని కోసమే. మధ్యలో లైను తెగి మళ్లీ కలిస్తే దాన్ని కొత్త పనిగా రాయకండి. మొదటి కాల్ ఆరంభం, చివరి కాల్ ముగింపు తీసుకోండి. ఎన్ని నిమిషాలకు మించి తెగితే ఆ సమయం తీసేయాలో ముందే అనుకోండి.

అమెరికా వాళ్లతో ప్రతి వారం పని ఉంటే వాళ్ల గడియారాన్ని గమనించాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే చలికాలంలో మనకు రాత్రి 7:30, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు సాయంత్రం 6:30. మీటింగును క్యాలెండర్‌లో న్యూయార్క్ సమయంతో పెడితే ఈ మార్పును క్యాలెండరే చూసుకుంటుంది. మన సమయంతో పెడితే మార్చిలో దుభాషి గంట ఆలస్యంగా చేరతాడు, అప్పటికి పార్టీ కనీస సమయంలో సగం అయిపోయి ఉంటుంది.