నో కాస్ట్ ఈఎంఐలో ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే

నో కాస్ట్ ఈఎంఐ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని ముందే ధరలో డిస్కౌంట్‌గా తగ్గిస్తారు, అంతే.

30,000 రూపాయల ఫోన్‌ను ఏడాదికి 15 శాతం వడ్డీ లెక్కన 6 నెలల ఈఎంఐలో కొన్నారనుకోండి. డిస్కౌంట్ దాదాపు 1,270 పోగా బ్యాంకు మీ పేరున రాసే అప్పు 28,730. నెలకు 5,000 చొప్పున కడితే వడ్డీతో కలిపి మళ్లీ 30,000 అవుతుంది. ఇంతవరకూ మాట నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 229, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని జీఎస్టీతో 235. మొత్తం 464 పైన పడ్డట్టు.

అసలు చిక్కు వస్తువు వెనక్కి పంపినప్పుడే. రిఫండ్‌గా 30,000 కాదు, 28,730 వస్తుంది. అప్పటికే బిల్లులో పడిన వడ్డీ, జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు చాలా బ్యాంకులు తిరిగివ్వవు. డిస్కౌంట్ పోయింది కాబట్టి ఆ వడ్డీ ఇప్పుడు నిజంగా మీ జేబులోంచే.

ఇంకోటి, రిఫండ్ కార్డులో పడినంత మాత్రాన ఈఎంఐ దానంతటదే ఆగిపోతుందని అనుకోకండి. కొన్ని బ్యాంకుల్లో అది విడిగా నడుస్తూనే ఉంటుంది. రిఫండ్ పడిన రోజే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఆర్డర్ రద్దయింది, ఈఎంఐ క్లోజ్ చేయమని చెప్పండి. గడువుకు ముందే మూసినందుకు ఫోర్‌క్లోజర్ ఛార్జీ వేస్తారా అని అప్పుడే అడగండి. కంప్లయింట్ నంబరు రాసుకుని, తర్వాతి స్టేట్‌మెంట్‌లో ఆ వాయిదా మళ్లీ కనబడుతోందేమో చూడండి.