వెబ్‌సైట్‌లో ప్రభుత్వ పథకం వివరాలు రాసేటప్పుడు హెడ్డింగ్ ఎలా పెట్టాలి? అందులో ఏ సంవత్సరం వేయాలి?

"రైతు భరోసా 2025: అర్హత, దరఖాస్తు, పూర్తి వివరాలు". ఇలాంటి హెడ్డింగ్ మీరు చాలాసార్లు చూసే ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఇది ఏ రాష్ట్రం గురించో తెలియదు, 2025 దేనికి సంబంధించిందో తెలియదు, దరఖాస్తు ఎవరు పెట్టుకోవాలో అసలే తెలియదు. దీన్నే తీసుకుని ఒక్కో ముక్కా సరిచేద్దాం.

ముందుగా రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వైఎస్సార్ రైతు భరోసా మొదలైంది. పీఎం కిసాన్ డబ్బుతో కలిపి కుటుంబానికి ఏడాదికి రూ.13,500 ఇచ్చేవారు. తెలంగాణలో రైతు భరోసా 2025 జనవరి 26న మొదలైంది. ఇక్కడ లెక్క ఎకరానికి, ఏడాదికి రూ.12,000. రెండు పథకాల పేరు ఒకటే, నిబంధనలు మాత్రం వేరు. ఆంధ్రాలో భూమి లేని కొన్ని వర్గాల కౌలు రైతులకు కూడా ఇచ్చారు. తెలంగాణలో పట్టా ఉన్న రైతుకే ఇచ్చారు. గుంటూరులో కౌలుకు చేసుకునే మనిషి తెలంగాణ వివరాలు చదివి తనకు రాదనుకుంటే ఆ తప్పు హెడ్డింగ్‌దే. కాబట్టి పథకం పేరు పక్కనే రాష్ట్రం పేరు ఉండాలి. సెర్చ్‌లో పొడవైన హెడ్డింగ్ చివర తెగిపోతుంది కాబట్టి ఈ రెండూ మొదట్లోనే రావాలి.

తర్వాత సంవత్సరం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒక పథకానికి ఒకటే సంవత్సరం ఉండదు. మొదలైన ఏడాది, డబ్బు ఏ సీజన్‌కో ఆ సీజన్ పేరు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరం, మీరు వివరాలు సరిచూసిన తేదీ, ఇవన్నీ వేర్వేరు. తెలంగాణలో 2025 జనవరిలో ఖాతాల్లో పడడం మొదలైన సాయం యాసంగి 2024-25ది. ఆ తర్వాత జూన్‌లో వేసింది వానాకాలం 2025ది. రెండూ క్యాలెండర్‌లో 2025లోనే వచ్చాయి. అందుకే ఉత్త "2025" అని రాస్తే ఏ విడత గురించో చదివేవాళ్లు ఊహించుకోవాలి. సీజన్ పేరుతో సహా రాస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇక "దరఖాస్తు" అనే మాట. అందరూ వెతికే మాట కదా అని ప్రతి హెడ్డింగ్‌లోనూ తగిలించేస్తుంటారు. తెలంగాణలో అప్పటికే రైతుబంధు అందుకుంటున్నవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. కొత్తగా పట్టాదారు పాసుపుస్తకం వచ్చినవాళ్లే పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్ నకళ్లతో తమ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి. ఆ సంగతి హెడ్డింగ్‌లోనే చెప్పేస్తే పాత రైతులు ఫారం కోసం నెట్ సెంటర్ల చుట్టూ తిరగరు. మొత్తం కలిపితే ఇలా వస్తుంది:

తెలంగాణ రైతు భరోసా, వానాకాలం 2025: ఎవరికి వస్తుంది, కొత్త పాసుపుస్తకం ఉంటే ఏం చేయాలి

ఒకే పేరు మళ్లీ వచ్చినప్పుడు సంవత్సరమే దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2025 ఆగస్టు 2న ఇంకోసారి మొదలైంది. పాత వివరాల మీద "2019 నాటి పథకం" అని ఉండాలి. దాని మీద 2025 వేసేస్తే మోసమే అవుతుంది.

కొత్త ఏడాది రాగానే హెడ్డింగ్‌లో అంకె మార్చి ఊరుకోవడం కూడా అలాంటిదే. ముందు కొత్త జీవో వచ్చిందా, ఇచ్చే డబ్బు మారిందా, గడువు ఏంటి అని అధికారిక సైట్లో చూడండి. లోపల మార్చాల్సినవి మార్చాకే పైన ముట్టుకోండి. ఏమీ మారకపోతే పాత సంవత్సరమే ఉంచి, మొదటి పేరాలో "ఫలానా తేదీన సరిచూశాం" అని రాస్తే చాలు. సెర్చ్‌లో కనిపించే టైటిల్‌లో ఒక ఏడాది, పేజీ లోపలి హెడ్డింగ్‌లో ఇంకో ఏడాది ఉంటే గూగుల్ తానే ఒకటి ఎంచుకుని చూపించవచ్చు. రెండూ ఒకేలా ఉంచండి.

అంకెలన్నీ ఒకేసారి మార్చే ఫైండ్ అండ్ రీప్లేస్ మాత్రం వాడకండి. పీఎం కిసాన్‌కు భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి రైతు పేరు మీద ఉండాలి. ఆ తర్వాత కొన్న భూమికి రాదు, వారసత్వంగా వస్తే మినహాయింపు ఉంది. 2019 ఉన్నచోటల్లా 2025 పడితే, 2022లో పొలం కొన్న రైతు తాను అర్హుడినే అనుకుని pmkisan.gov.in లో రిజిస్టర్ చేసుకుంటాడు, అది తిరస్కరణకు గురవుతుంది. హెడ్డింగ్ మార్చాక లోపల సంవత్సరం కనిపించిన ప్రతిచోటా ఆగి, అది మారే తేదీయా, మారని తేదీయా అని విడిగా చూసుకోండి.